సబ్‌స్క్రైబ్ చేస్తే కబురు వస్తుందని ఎవరు చెప్పారు?

మిత్రులారా, మన మీటింగుల్లో ఈ మధ్య ఒక మాట పదే పదే వినిపిస్తోంది. "ఛానల్‌కి 10,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారు. ఎల్లుండి గ్రామసభ ఉందని వీడియో పెడితే 300 మంది కూడా చూడలేదు. మన జనానికి చైతన్యం లేదన్నా, ఎంత చెప్పినా ఇంతే."

ఈ మాట అన్నవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి. కొత్త వీడియో వచ్చిందన్న కబురు ఆ 10,000 మందిలో ఎంతమంది ఫోన్లకు చేరింది? చాలామంది దగ్గర జవాబు ఉండదు. లెక్క తెలియకుండానే తీర్పు మాత్రం ఇచ్చేస్తారు, అదీ మన జనం మీద. చూడకపోవడం వేరు. చూడాల్సింది ఒకటి ఉందని అసలు తెలియకపోవడం వేరు. ఈ రెండింటినీ కలిపేసి ఊళ్లను తిట్టడం ఆపాలి. యూట్యూబ్ నోటిఫికేషన్ ఎట్లా పనిచేస్తుందో, ఎక్కడెక్కడ ఆగిపోతుందో ఒకసారి మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. ఆ తర్వాత చెప్పండి, తప్పు ఎవరిదో.

ముందు సబ్‌స్క్రైబ్ అనే మాట సంగతి. మనం దాన్ని పేపరుకి చందా కట్టినట్టు అనుకుంటాం. చందా కడితే పేపరు ఇంటికి రావాల్సిందే, రాకపోతే ఏజెంటును అడుగుతాం. యూట్యూబ్ సబ్‌స్క్రైబ్ అట్లా కాదు. మీరు ఆ బటన్ నొక్కగానే పక్కన గంట గుర్తు వస్తుంది. ఆ గంటకు మూడు స్థితులు ఉంటాయి: All, Personalized, None. మీరు ఏమీ ముట్టుకోకుండా వదిలేస్తే అది Personalized దగ్గరే ఉంటుంది. అంటే ఆ ఛానల్ పెట్టే ప్రతి వీడియోకీ మీకు కబురు రాదు. ఏ వీడియోకి చెప్పాలో, దేనికి చెప్పకూడదో కంపెనీ మెషీన్ నిర్ణయిస్తుంది.

దేన్ని బట్టి నిర్ణయిస్తుంది? కంపెనీ తన సహాయ పేజీలోనే రాసుకుంది. మీరు ఇంతకుముందు ఏం చూశారు, ఆ ఛానల్‌ని ఎంత తరచుగా చూస్తారు, ఆ వీడియో ఎంతమందిని ఆకర్షిస్తోంది, వచ్చిన నోటిఫికేషన్లను మీరు ఎంత తరచుగా తెరుస్తారు. వినడానికి న్యాయంగానే ఉంది కదా? ఇప్పుడు ఈ కొలతను గూడెంలో ఉన్న ఒక మనిషికి పెట్టి చూడండి. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. రీచార్జి అయిపోతే మళ్లీ కూలి డబ్బులు చేతికొచ్చేదాకా డేటా ఉండదు. ఆయన మన ఛానల్ వీడియో నెలకు ఒకటో రెండో చూస్తాడు, అదీ ఎవరో వాట్సాప్‌లో లింకు పంపితే. మెషీన్‌కి గుట్ట తెలియదు, రీచార్జి తెలియదు. దానికి కనిపించేది ఒక్కటే: ఈయన ఈ ఛానల్‌ని పెద్దగా చూడటం లేదు. అట్లాంటి మనిషికి కబురు పంపే అవకాశం తగ్గుతుంది. కబురు రాకపోతే చూడడు. చూడకపోతే ఇష్టం లేదనే లెక్క ఇంకా గట్టిపడుతుంది. ఈ చక్రంలో ఎక్కడా ఆయన మనసు ఏంటో ఎవరూ అడగలేదు. సబ్‌స్క్రైబ్ నొక్కినప్పుడే ఆయన తన మనసు చెప్పాడు. దాన్ని పక్కన పెట్టారు.

"అయితే గంట నొక్కి All పెట్టుకుంటే సరిపోతుంది కదా" అంటారు మీరు. సరిపోదు. అది మొదటి తలుపు మాత్రమే. దాని వెనక ఇంకా మూడు ఉన్నాయి.

రెండో తలుపు యూట్యూబ్ యాప్ లోపల ఉంటుంది. Settings లోకి వెళ్లి Notifications తెరవండి. అక్కడ Subscriptions అని ఒక స్విచ్ ఉంటుంది. అది ఆపేసి ఉంటే, ఎన్ని ఛానళ్లకు గంట కొట్టినా ఫోన్ తెర మీదకు ఏదీ రాదు. అక్కడే Scheduled digest అని ఇంకొకటి ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే వచ్చినవన్నీ మూటగట్టి రోజుకొకసారి ఇస్తుంది. పొద్దున్న పెట్టిన కబురు సాయంత్రం మూటలో వస్తే, మధ్యాహ్నం జరిగిన మీటింగ్‌కి అది దేనికి పనికొస్తుంది? ఇంకో సంగతి కూడా ఇక్కడే ఉంది. రాత్రి 10 నుంచి ఉదయం 8 దాకా యూట్యూబ్ నోటిఫికేషన్లకు శబ్దం, వైబ్రేషన్ ఉండకుండా ముందే సెట్ చేసి ఉంటుంది. మన వాళ్లు పగలంతా తిరిగి, ఎడిటింగ్ ముగించి, రాత్రి 11 గంటలకు వీడియో పెడతారు. అది చప్పుడు లేకుండా వచ్చి పడుతుంది. పొద్దున్న చూసేసరికి దాని మీద ఇంకో ఇరవై చేరి ఉంటాయి.

మూడో తలుపు ఫోన్‌ది. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి, కొత్తగా వేసుకున్న యాప్ ఏదైనా నోటిఫికేషన్ చూపించాలంటే ముందు మిమ్మల్ని అనుమతి అడగాలి. మంచి నియమమే, లేకపోతే ప్రతి యాపూ మన మీద పడుతుంది. కానీ ఆ ప్రశ్న అడిగే తీరు చూడండి. యాప్ మొదటిసారి తెరవగానే ఒక చిన్న పెట్టె వస్తుంది, చాలా ఫోన్లలో ఇంగ్లీషులో. అది ఏంటో తెలియనివాళ్లు, భయపడినవాళ్లు "వద్దు" అని నొక్కేస్తారు. భయపడటంలో తప్పేముంది, ఏది నొక్కితే డబ్బులు పోతాయో అని వాళ్లకు మనమే కదా జాగ్రత్తలు చెప్పింది! ఆ ఒక్క నొక్కుతో తలుపు మూసుకుపోతుంది. ఆ తర్వాత ఛానల్ పక్కన గంట మోగుతున్నట్టే బొమ్మ కనిపిస్తుంది. తెర మీదకు మాత్రం ఏమీ రాదు. మనిషి "నేను గంట కొట్టాను" అంటాడు, నిజమే చెప్తాడు. కబురు రాలేదంటాడు, అదీ నిజమే.

నాలుగో తలుపు బ్యాటరీ, డేటా. తక్కువ ధర ఫోన్లలో చాలావరకు బ్యాటరీ మిగల్చడానికి వాడకంలో లేని యాప్‌లను వెనకనుంచి ఆపేస్తాయి. కొన్ని కంపెనీల ఫోన్లలో ఆటోస్టార్ట్ అని వేరే అనుమతి కూడా ఇవ్వాలి. యాప్‌ని Force stop చేస్తే, మళ్లీ దాన్ని చేత్తో తెరిచేదాకా దానికి ఏ నోటిఫికేషనూ రాదు. ఇక డేటా ఆపేసి పెట్టుకునే అలవాటు మనందరికీ తెలిసిందే. డేటా ఆన్ చేసినప్పుడు కబుర్లు వస్తాయి, కానీ అప్పటికి అవి పాతబడి ఉంటాయి.

ఈ నాలుగు తలుపులూ ఒక ఫోను, ఒక అకౌంటు ఉన్న మనిషివి. మన ఇళ్లలో చాలా చోట్ల ఫోను ఒకటే, వాడేవాళ్లు నలుగురు. ఆ ఫోన్లో ఉన్న గూగుల్ అకౌంటు పట్నంలో చదువుకునే తమ్ముడిది కావచ్చు, ఫోను కొన్నప్పుడు షాపువాడు పెట్టింది కావచ్చు. గంట ఆ అకౌంటుకు కట్టి ఉంటుంది, మనిషికి కాదు. అకౌంటు మార్చినా, కొత్త ఫోన్లో కొత్త జీమెయిల్ తీసుకున్నా, పాత సబ్‌స్క్రిప్షన్ పాత అకౌంటులోనే ఉండిపోతుంది. మీ సంఖ్యలో మాత్రం ఆ ఒక్కటి అట్లాగే లెక్కకు వస్తూ ఉంటుంది. 10,000లో ఇట్లాంటి ఖాళీ ఇళ్లు ఎన్ని ఉన్నాయో ఎవరికి తెలుసు?

ఇప్పటిదాకా కంపెనీ సంగతి, ఫోను సంగతి. ఇక మన చేతిలో ఉన్నదాన్ని మనమే ఎట్లా పాడుచేసుకుంటామో చూద్దాం. ఒక ఛానల్ నుంచి ఒక సబ్‌స్క్రైబర్‌కి 24 గంటల్లో కొత్త వీడియోలకు, లైవ్‌లకు కలిపి గరిష్ఠంగా 3 నోటిఫికేషన్లు మాత్రమే వెళ్తాయి. ఇది All పెట్టుకున్నవాళ్లకు కూడా వర్తిస్తుంది. ఇప్పుడు మన ఛానళ్లు నడిచే తీరు గుర్తు తెచ్చుకోండి. ఏదైనా సభ జరిగితే ఒకరి ప్రసంగం ఒక వీడియో, ఇంకొకరిది ఇంకో వీడియో, పాట ఒక వీడియో, ర్యాలీ ఒక వీడియో. పొద్దున్నుంచి వరసగా ఎక్కిస్తారు. సాయంత్రం అసలు కబురు వస్తుంది: ఎల్లుండి గ్రామసభ, కాగితాలు తెచ్చుకోండి అని. అది ఆ రోజు అయిదో వీడియో. మొదటి మూడు వాటాలు ప్రసంగాలు తినేశాయి. గంట నొక్కి All పెట్టి, అన్ని అనుమతులూ ఇచ్చి, డేటా ఆన్‌లో పెట్టి ఎదురు చూస్తున్న మనిషికి కూడా దాని గురించి గంట మోగదు. ఆ మనిషికి చైతన్యం లేదని మనం ఏ నోటితో అంటాం?

ఇంకో చిన్న పెట్టె కూడా ఉంది. వీడియో ఎక్కించేటప్పుడు "Publish to subscriptions feed and notify subscribers" అన్న దాని దగ్గర టిక్ ఉంటుంది. అది తీసేస్తే నోటిఫికేషన్ వెళ్లదు. చాలామందికి దాని అసలు ఉపయోగం తెలియదు. అది ప్రమాదం కాదు, పనిముట్టు. పాత ప్రసంగాలు, ఫొటోల వీడియోలు ఎక్కించేటప్పుడు ఆ టిక్ తీసేయండి. అప్పుడు ఆ మూడు వాటాలు నిజంగా అవసరమైన కబురుకి మిగులుతాయి.

సరే, ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఊహించిన ఛానలే, కానీ లెక్క వేసే పద్ధతి మాత్రం మీ ఛానల్‌కీ ఇదే. యూట్యూబ్ స్టూడియోలో Analytics తెరిచి Audience లోకి వెళ్తే, Subscriber bell notifications అనే కార్డు ఉంటుంది. అందులో రెండు శాతాలు ఉంటాయి. మొదటిది, మీ సబ్‌స్క్రైబర్లలో All పెట్టుకున్నవాళ్లు. రెండోది, All పెట్టుకుని, ఫోన్లో యూట్యూబ్ నోటిఫికేషన్లు కూడా తెరిచి ఉంచినవాళ్లు. యూట్యూబ్‌లో ఇవి మామూలుగా ఎంత ఉంటాయో కూడా ఆ కార్డే చూపిస్తుంది: మొదటిదానికి 10 నుంచి 30 శాతం, రెండోదానికి 5 నుంచి 20 శాతం. అంటే ఈ జబ్బు మన ఊళ్లది మాత్రమే కాదు. పెద్ద పెద్ద పట్నాల ఛానళ్లదీ ఇదే కథ.

మన ఊహా ఛానల్‌కి 10,000 మంది ఉన్నారు. మొదటి శాతం 20 అనుకోండి. All పెట్టుకున్నవాళ్లు 2,000. రెండో శాతం 12 అనుకోండి. నిజంగా తెర మీద కబురు కనిపించే అవకాశం ఉన్నవాళ్లు 1,200. మిగతా 8,800 మందిలో కొందరికి మెషీన్ దయతలిస్తే వస్తుంది, లేకపోతే లేదు. ఈ 1,200లో వీడియో పెట్టిన సమయానికి డేటా ఆన్‌లో ఉన్నవాళ్లు సగం అనుకుందాం, 600. వాళ్లలో పదిమందికి ఒకరు పని ఆపి ఆ కబురును నొక్కారనుకుందాం, 60. ఇప్పుడు వెనక్కి వెళ్లి ఆ 300 వ్యూస్‌ని చూడండి. గంట ద్వారా వచ్చింది 60 మంది అయితే, మిగిలిన 240 మంది ఎట్లా వచ్చారు? ఎవరో లింకు పంపితే వచ్చారు, వెతుక్కుని వచ్చారు, Subscriptions పేజీలో చూసి వచ్చారు. కబురు రాకపోయినా వచ్చిన జనం వాళ్లు. మీరు చైతన్యం లేదని తిట్టింది ఎవరినో ఇప్పుడు అర్థమైందా?

ఇది ఊహా లెక్క కాబట్టి మీ ఛానల్‌కి నిజం లెక్క మీరే తీయండి. ఆ కార్డులో రెండు శాతాలు రాసుకోండి. తర్వాత ఒక్కో వీడియోకి Traffic source తెరిచి, Notifications ద్వారా ఎన్ని వ్యూస్ వచ్చాయో చూడండి. మొదటి శాతం తక్కువగా ఉంటే గంట దగ్గరే ఆగుతోందని అర్థం. మొదటిది బాగుండి రెండోది బాగా పడిపోతే, జనం గంట కొట్టారు కానీ ఫోను తలుపు మూసుకుని ఉందని అర్థం. రెండూ బాగుండి, ఒక్క వీడియోకి మాత్రమే నోటిఫికేషన్ వ్యూస్ దాదాపు లేకపోతే, ఆ రోజు మీరు ఎన్నో వీడియోగా దాన్ని పెట్టారో, ఆ టిక్ ఉందో లేదో చూసుకోండి. ఈ మూడూ చూడకుండా "మన ఛానల్‌ని తొక్కేస్తున్నారు" అనడం కూడా నాకు నచ్చదు. తొక్కారని చెప్పాలంటే ముందు ఎక్కడ ఆగిందో చెప్పగలగాలి.

కంపెనీ వైపు వాదన కూడా వినాలి. ప్రతి ఛానల్ ప్రతి వీడియోకి గంట మోగిస్తే జనం విసిగిపోయి యూట్యూబ్ నోటిఫికేషన్లు మొత్తంగా ఆపేస్తారు, అప్పుడు ఎవరి కబురూ చేరదు అన్నది ఆ వాదన. ఇందులో నిజం ఉంది, కాదనను. వందల ఛానళ్లు సబ్‌స్క్రైబ్ చేసినవాళ్లు ఉంటారు, వాళ్లకు వడపోత కావాలి. కానీ వడపోత ఎవరి చేతిలో ఉండాలి? సినిమా ట్రైలర్‌నీ, గ్రామసభ కబురునీ ఒకే తక్కెడలో వేసి, ఎక్కువమంది నొక్కింది బరువు అని తేల్చడం మాకు ఒప్పుకోలు కాదు. గ్రామసభ కబురు ఇరవై గూడేలకు సంబంధించింది. అది ఎప్పటికీ లక్షల మందికి నచ్చదు, నచ్చాల్సిన అవసరం కూడా లేదు. సబ్‌స్క్రైబ్ నొక్కగానే "ఈ ఛానల్ పెట్టే ప్రతిదానికీ చెప్పమంటారా?" అని మనిషి భాషలో ఒక్కసారి అడిగితే చాలు. అడగకుండా తామే ఒక జవాబు ఎంచి, దానికి Personalized అని పేరు పెట్టడం ఏం న్యాయం? నా పేరు మీద ఇంకొకరు తీసుకున్న నిర్ణయం అది.

కంపెనీ మారేదాకా కూర్చోలేం కాబట్టి, మన పని మనం మార్చుకోవాలి. వీడియో చివర "గంట కొట్టండి, గంట కొట్టండి" అని అరవడం ఆపండి. ఆ మాట వినేది అప్పటికే వీడియో దాకా వచ్చినవాళ్లు. దాని బదులు ఊళ్లో మీటింగ్ అయ్యాక పది నిమిషాలు కూర్చోండి. పెద్దమ్మ ఫోను ఆమె అనుమతితోనే తీసుకుని, ఆమె చూస్తుండగా నాలుగు తలుపులూ వరసగా తెరవండి: ఛానల్ దగ్గర All, యాప్‌లో Subscriptions స్విచ్, ఫోన్ Settings లో యూట్యూబ్‌కి నోటిఫికేషన్ అనుమతి, బ్యాటరీలో ఆంక్ష తీసేయడం. ఏ అకౌంటు ఉందో కూడా చూడండి. ఇంకేదీ ముట్టుకోకండి. ఆ తర్వాత వచ్చే వీడియోకి ఆ ఊరికి ఫోన్ చేసి అడగండి. "వీడియో చూశారా" అని కాదు, "కబురు వచ్చిందా" అని. ఆ రెండు ప్రశ్నలకు వచ్చే జవాబుల మధ్య ఉన్న తేడాయే మీరు చేయాల్సిన పని.

ఇక తేదీ ఉన్న కబురు ఏదైనా, గ్రామసభ కానివ్వండి, అటవీ హక్కుల దరఖాస్తు తిరస్కరిస్తే పై కమిటీకి వెళ్లడానికి ఉన్న 60 రోజుల గడువు కానివ్వండి, దాన్ని ఒక్క గంట మీద వదలకండి. వీడియో వివరించడానికి పెట్టండి. పిలవడానికి మాత్రం ప్రతి గూడెంలో ఒక మనిషికి నేరుగా ఫోన్ చేయండి, ఆ మనిషి నలుగురికి చెప్తాడు. దండోరా వేసే ఊళ్లో దండోరా వేయించండి. వారం సంతలో కాగితం అంటించండి. సబ్‌స్క్రైబర్ల సంఖ్య చూసి ఈ పనులు మానేసిన రోజే మనం సగం ఊళ్లను పోగొట్టుకున్నాం.

ఈ వారమే మీ ఛానల్ స్టూడియో తెరిచి ఆ రెండు శాతాలు చూడండి. వచ్చే మీటింగ్‌లో ఎవరైనా లేచి "జనానికి చైతన్యం లేదు" అంటే, ఆ కాగితం వాళ్ల ముందు పెట్టండి.